టైమ్‌టేబుల్ బొమ్మలో ఒక్క గడి మార్చడానికి రెండు సాయంత్రాలు

గురువారం నాలుగో పీరియడ్ ఫిజిక్స్ కాదు, బోటనీ. మార్పు అంతే. ఇద్దరు లెక్చరర్లూ మాట్లాడుకున్నారు, ప్రిన్సిపాల్ మేడమ్ సరేనన్నారు. "టైమ్‌టేబుల్లో మార్చి సాయంత్రానికి గ్రూపులో పెట్టండి సార్" అని నాకు చెప్పారు. ఆ ఏడాది టైమ్‌టేబుల్ బాధ్యత నాదే.

తీరా చూస్తే నా దగ్గర ఉన్నది బొమ్మ మాత్రమే. అసలు వర్డ్ ఫైలు అంతకు ముందు బాధ్యత చూసిన ఆయన కంప్యూటర్లో ఉండేదట. ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. మెయిళ్లలో, పాత పెన్‌డ్రైవుల్లో పూటంతా వెతికాను. ఇప్పటికీ నా మొదటి సలహా అదే: బొమ్మ మీద చెయ్యి వేసేముందు అసలు ఫైలు కోసం బాగా వెతకండి, దొరికితే రెండు నిమిషాల పని. నాకు దొరకలేదు. చేతిలో ఉన్నది ఫోన్ నుంచి ఫోన్‌కు తిరిగి తిరిగి వచ్చిన ఒక జేపెగ్, 1280 పిక్సెళ్ల వెడల్పుది.

మొత్తం కొత్తగా టైపు చెయ్యొచ్చు కదా అని ఇంట్లో కూడా అడిగారు. ఆరు రోజులు, రోజుకు ఏడు పీరియడ్లు, మొత్తం 42 గడులు. ఒకటి మార్చబోయి ఇంకో రెండు తప్పు కొడితే ఆ గొడవ ఎవరు పడతారు? మూడు నాలుగు గడులు మార్చాల్సి వచ్చి ఉంటే నేనూ కొత్తగానే కొట్టేవాణ్ణి. ఒక్క గడికి బొమ్మ మీదే చేద్దామనుకున్నాను. బొమ్మలు సవరించే జింప్ అనే ప్రోగ్రామ్ తెరిచాను.

మొదటి అరగంటలో అందరూ చేసే పనే చేశాను. PHYSICS అన్న మాట చుట్టూ గడి నిండా సెలెక్షన్ గీసి, తెల్లరంగుతో నింపి, నల్లరంగులో BOTANY అని కొట్టి మధ్యలో పెట్టాను. దగ్గరగా చూసినప్పుడు బాగానే ఉందనిపించింది. మామూలు సైజుకు తెచ్చి చూశానో లేదో, ఆ గడి ఒక్కటే తలుపు తీసిన కిటికీలా మెరిసిపోతోంది. ఎవరైనా సరే ముందు దాన్నే చూస్తారు. ఎందుకలా ఉందో తెలుసుకోవడానికి 800 శాతం జూమ్ చేసి ఆ గడినీ పక్క గడినీ పోల్చుతూ కూర్చున్నాను. ఒక్కొక్కటిగా నాలుగు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది గీతలు. మన కంటికి గడి గీత నల్లగా, తెగ్గోసినట్టు కనిపిస్తుంది. జూమ్ చేస్తే అది ఒక్క నల్ల గీత కాదు. మధ్యలో ముదురు పిక్సెళ్ల వరుస ఒకటి, దానికి ఒక పక్క మధ్యస్థమైన బూడిద రంగు, ఇంకో పక్క పలుచటి బూడిద రంగు. బొమ్మను ఎవరో ఎప్పుడో చిన్నది చేసినప్పుడు గీత సరిగ్గా ఒక పిక్సెల్ మీద పడక, పక్కవాటి మీదికి కాస్త కాస్త పంచుకుంది. నేను నల్ల వరుస దాకా తెల్లరంగు నింపేసరికి లోపలి వైపు బూడిద అంచు పోయింది. దాంతో నా గడి చుట్టూ గీత మిగతా గడుల గీతల కంటే సన్నగా, కటువుగా తయారైంది. గడి మెరవడానికి సగం కారణం ఇదే.

రెండోది రంగు. ఈ పట్టికలో వరుస విడిచి వరుసకు లేత బూడిద రంగు వేశారు. గురువారం వరుస బూడిద రంగు వరుసే. తెలుపని పొరబడ్డాను, ఎందుకంటే అది అంత లేతది. కలర్ పికర్‌తో చూస్తే ఒక చోట 242 వస్తుంది, రెండు పిక్సెళ్లు జరిగితే 240, ఇంకో చోట 244. అంటే ఒక రంగు ఎంచుకుని నింపినా కుదరదు. జేపెగ్ బొమ్మను 8 బై 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి కుదిస్తుంది. నల్ల అక్షరం ఉన్న చదరంలో ఆ అక్షరం చుట్టూ సన్నటి దుమ్ములాంటి మచ్చలు పడతాయి. పక్క గడులన్నిటిలో మాటల చుట్టూ ఆ దుమ్ము ఉంది. నా గడి మాత్రం అప్పుడే కడిగిన పలకలా ఉంది.

మూడోది అక్షరాల ముదురు. నేను కొట్టిన అక్షరాలు కారునలుపు. అసలు అక్షరాలు ఎక్కడా పూర్తి నలుపు లేవు. ఈ సైజులో అక్షరం గీత మందం రెండు పిక్సెళ్లు కూడా ఉండదు కాబట్టి బొమ్మ చిన్నదైనప్పుడు నలుపు పక్కకు పాకిపోయి ముదురు బూడిదగా మిగిలింది.

నాలుగోది ఫాంట్. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పట్టికలోనిది ఏరియల్ అని నా అనుమానం. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్. అందులో ఏరియల్ లేదు, దాని బదులు లిబరేషన్ శాన్స్ ఉంది. ఈ రెండిటికీ ఒక తమాషా సంబంధం ఉంది. ఏరియల్‌లో ప్రతి అక్షరం ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో లిబరేషన్ శాన్స్‌లోనూ సరిగ్గా అంతే ఆక్రమిస్తుంది. ఒకదానితో చేసిన పత్రాన్ని ఇంకోదానితో తెరిచినా లైన్లు విరగకూడదని కావాలనే అలా తయారు చేశారు. వెడల్పు ఒకటే గాని ఆకారాలు ఒకటి కావు. అందువల్ల మాట పొడవు కొలిచి "ఫాంట్ దొరికింది" అనుకుంటే మోసపోతాం. నేను అలాగే మోసపోయాను. CHEMISTRY అని కొట్టి అసలు మాట మీద పెడితే మొదలూ చివరా చక్కగా కలిశాయి. పైన టైమింగ్స్ వరుసలో 11:15 అని ఉంది, అది కొట్టి చూశాకగానీ అసలు సంగతి తెలియలేదు. లిబరేషన్ శాన్స్‌లో 1 అంకెకు కింద పీటలాంటి అడ్డగీత ఉంటుంది. ఏరియల్‌లో ఉండదు. బొమ్మలోని 1 కింద పీట లేదు. మా అమ్మాయి విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏరియల్ ఉంది. మిగతా పనంతా దాంట్లోనే చేశాను.

కాలిబ్రీకి కూడా ఇలాంటి జోడీయే ఒకటుంది, కార్లిటో అని. వర్డ్‌లో 2007 నుంచి చాలా ఏళ్లు ఏమీ మార్చకపోతే కాలిబ్రీయే వచ్చేది. అందుకే మీ టైమ్‌టేబుల్ అందులో ఉండే అవకాశం ఎక్కువ. మాట పొడవు కలిసినా అక్షరం ఆకారం కూడా చూసుకోండి.

ఇక సైజు. మొదట పెద్దక్షరం ఎత్తు కొలిచాను. 14 పిక్సెళ్లు అనిపించింది. అంచులు మసకగా ఉంటాయి కాబట్టి 15 అన్నా కాదనలేం. ఏరియల్‌లో పెద్దక్షరం ఎత్తు ఫాంట్ సైజులో 0.716 వంతు. 14ని దానితో భాగిస్తే 19.6, 15ని భాగిస్తే 20.9. ఒక్క పిక్సెల్ తేడాకు సైజు ఇంత మారిపోతుంటే ఆ కొలతను నమ్మి ఏం చేస్తాం? కాసేపటికి వెలిగింది. ఎత్తు కాదు కొలవాల్సింది, పట్టికలో అన్నిటికన్నా పొడుగు మాట వెడల్పు. CHEMISTRY మొదటి సి ఎడమ అంచు నుంచి చివరి వై కుడి అంచు దాకా 117 పిక్సెళ్లు వచ్చింది. అక్కడ ఒక పిక్సెల్ అటూ ఇటూ అయినా తేడా ఒక శాతం లోపే. 20 పిక్సెళ్ల సైజులో కొడితే ఆ మాట సరిగ్గా అంత వచ్చింది. కొట్టిన మాట బొమ్మ మీద వేరే పొరగా, అంటే లేయర్‌గా ఉంటుంది. దాని వెనక తెలుపు నింపి ఆ పైలేయర్‌ను Difference మోడ్‌లో పెడితే రెండూ కలిసిన చోటల్లా నల్లబడుతుంది, తేడా ఉన్నచోట తెల్లటి అంచు మిగులుతుంది. చివరి అక్షరం దగ్గర కూడా అంచు సమంగానే ఉందంటే సైజు కుదిరినట్టే.

ఫాంటూ కుదిరింది, సైజూ కుదిరింది అని BOTANY కొట్టాను. ఏదో తేడాగా ఉంది. ఎంతసేపు చూసినా ఏమిటో పట్టుకోలేకపోయాను. పట్టికలో ఉన్న MATHS కొట్టి పక్కన పెట్టాక దొరికింది. బొమ్మలో ఎ, టి అక్షరాలు కొంచెం ఎడంగా ఉన్నాయి. నేను కొట్టినదాంట్లో ఎ వాలు మీదికి టి చెయ్యి కాస్త చొచ్చుకుపోయింది. దీన్ని కెర్నింగ్ అంటారు. కొన్ని అక్షరాల జంటల మధ్య ఖాళీ ఎక్కువ కనిపిస్తుందని వాటిని దగ్గరికి లాగడం. జింప్ అడక్కుండానే ఆ పని చేస్తుంది. వర్డ్ మాత్రం చాలా ఏళ్లపాటు, మనం ప్రత్యేకంగా పెట్టకపోతే మామూలుగా చేసేది కాదు. BOTANYలో టి పక్కనే ఎ ఉంది, అదే జంట తిరగేసి! ఈ సైజులో తేడా ఒకటిన్నర పిక్సెల్ లోపే. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఆరక్షరాల మాటలో ఒక జంట దగ్గరైతే మాట మొత్తం నలిగినట్టు కనిపిస్తుంది. జింప్‌లో అక్షరాలు కొట్టేటప్పుడు పైన తేలే చిన్న పెట్టెలో ఎంచుకున్న అక్షరానికి ఎడం పెంచే అంకె గడి ఉంటుంది. టిని ఎంచుకుని, MATHSలో కనిపించినంత ఎడం వచ్చేదాకా పెంచాను.

అప్పటికి రాత్రి పదకొండయింది. మాట ఆకారం కుదిరింది గాని ముదురు, దుమ్ము కుదరలేదు. రంగు బూడిద చేశాను, అక్షరాలు వెలిసిపోయినట్టు వచ్చాయి. అర పిక్సెల్ బ్లర్ ఇచ్చాను, కొంచెం దగ్గరికొచ్చింది గాని పక్క గడిలోని అక్షరాలకు ఉన్న గరుకుదనం రాలేదు. గ్రూపులో "రేపు పెడతాను" అని మెసేజ్ పెట్టి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం లీజర్ పీరియడ్‌లో ప్రింటు తీసిన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. నేను కొట్టే అక్షరం నిన్న పుట్టింది. బొమ్మలో ఉన్న అక్షరాలు పెద్ద పేజీ మీద పుట్టి, చిన్నవై, జేపెగ్‌లో రెండు మూడుసార్లు నలిగి వచ్చాయి. ఆ దారంతా నా అక్షరాన్ని నడిపించడం కంటే, నడిచి వచ్చిన అక్షరాలనే అడిగి తెచ్చుకోవచ్చు కదా? కావలసినవి బి, ఓ, టి, ఎ, ఎన్, వై. ఓ ZOOLOGYలో ఉంది. టి, ఎ MATHSలో ఉన్నాయి. ఎన్ ENGLISHలో ఉంది. వై ఎక్కడ పడితే అక్కడ ఉంది. బి ఒక్కటే కష్టం. భోజనవిరామం గడిలో BREAK అని ఉంది కానీ అది బోల్డు, పైగా నిలువుగా తిప్పి రాసింది, పనికిరాదు. చివరకు శనివారం ఆఖరి పీరియడ్‌లో LIBRARY కనిపించింది. మామూలు మందమే, పైగా ఆ వరుసా బూడిద రంగుదే. ఆ క్షణంలో లైబ్రరీ పీరియడ్ పెట్టిన పాత ఇన్‌చార్జ్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో సాయంత్రం మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి అసలు బొమ్మకు నకలు తీసి దాని మీద పనిచేశాను.

ముందు గడి ఖాళీ చెయ్యాలి. రంగు నింపలేదు. PHYSICS అన్న మాట గడి మధ్యలో 87 పిక్సెళ్లు ఆక్రమించింది. గడి లోపలి వెడల్పు 140. అంటే మాటకు రెండు పక్కలా ఇరవై ఆరేసి పిక్సెళ్లు బూడిద రంగు ఖాళీ ఉంది. ఎడమవైపు ఖాళీలో, గీత నుంచి నాలుగు పిక్సెళ్లు వదిలి, మాట నుంచి కూడా నాలుగైదు వదిలి, ఒక ముక్క కాపీ చేసి మాట మీద అతికించాను. మళ్లీ కుడివైపు ముక్క. ఒకే ముక్కను వరసగా అతికిస్తే గోడ కాగితంలా ఒకే నమూనా పదేపదే కనిపిస్తుంది. అందుకని ఒకసారి ఎడమది, ఒకసారి కుడిది, ఒకసారి అదే వరుసలో పక్క గడి ఖాళీది వాడాను. గీతలను తాకనే లేదు. అసలు గీత దగ్గరికి వెళ్లాల్సిన అవసరమే లేదని నిన్న తెలియక వాటిని పాడుచేసుకున్నాను.

గీత పాడైనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట. కొత్త గీత గీయొద్దు. మీ గడి పై గీత పక్క గడి మీదుగా సాగే అదే గీత. పక్క గడి దగ్గర, అంచుల బూడిదతో సహా ఏడెనిమిది పిక్సెళ్ల ఎత్తు పట్టీ కాపీ చేసి, అడ్డంగా మాత్రమే జరిపి పాడైనచోట పెట్టండి. పైకీ కిందికీ ఒక్క పిక్సెల్ కూడా జరపకూడదు. నిలువు గీతకైతే పై గడినుంచో కింది గడినుంచో పట్టీ తీసి నిలువుగా మాత్రమే జరపాలి. మౌస్‌తో కాదు, బాణం కీలతో. ఒక్కో నొక్కుకు ఒక్కో పిక్సెల్. ఒక్కటి మాత్రం చూసుకోవాలి: బూడిద వరుస గడికి తెల్ల వరుస నుంచి నిలువు గీత తెస్తే దాని పక్కన తెల్లటి అంచు కూడా వెంట వస్తుంది. అందుకని ఒక వరుస వదిలి తర్వాతి దాంట్లోంచి తీసుకోవాలి.

ఇప్పుడు అక్షరాలు. నిన్న అంత కష్టపడి కొట్టిన BOTANYని పారెయ్యలేదు. దాన్ని ఎర్ర రంగు చేసి, పలచగా కనిపించేట్టు పెట్టి, గడి మధ్యలో అమర్చాను. గడి మధ్య గీత 672 దగ్గర ఉంది, మాట వెడల్పు 81, అందులో సగం తీస్తే 631 లేదా 632 దగ్గర మొదలవ్వాలి. PHYSICS 628 దగ్గర మొదలై 715 దగ్గర ముగిసేది, అంటే దాని మధ్య కూడా గడి మధ్య నుంచి అర పిక్సెల్ ఎడమకే ఉంది. నేనూ 631 పెట్టాను. కింది అంచు పక్క గడిలోని మాట కింది అంచుతో కలిపాను. ఈ ఎర్ర మాట చివర్లో తీసేసేదే. అక్షరం ఎక్కడ కూర్చోవాలో చెప్పే ముగ్గు గీత, అంతే.

ఓ, టి, ఎ, ఎన్, వై అన్నీ గురువారం వరుసలోంచే తీసుకున్నాను. వేరే వరుసల్లోనూ MATHS ఉంది, అయినా ఇదే వరుస ఎందుకంటే, బొమ్మ చిన్నదైనప్పుడు ప్రతి వరుసలో మాటల కింది అంచు పిక్సెల్ మీద ఒక్కోలా పడింది. ఒక వరుసలో అక్షరాల కాళ్లు తెగ్గోసినట్టు ముదురుగా ఉన్నాయి. ఇంకో వరుసలో కాళ్ల కింద ఒక పలుచటి బూడిద వరుస ఉంది. రెండు వరుసల అక్షరాలు ఒక మాటలో కలిపితే ఒకరు చెప్పులేసుకుని, ఒకరు ఒట్టికాళ్లతో నిలబడ్డట్టు ఉంటుంది. ఒకే వరుసలోవైతే ఆ బాధ లేదు.

ఒక్కో అక్షరం చుట్టూ రెండు పిక్సెళ్ల ఖాళీతో కత్తిరించి కొత్త లేయర్‌గా అతికించాను. ఖాళీ ఎందుకంటే అక్షరం చుట్టూ ఉన్న ఆ దుమ్ము కూడా రావాలి. అయితే ఎ దగ్గర చిక్కొచ్చింది. MATHSలో ఎ కుడికాలు, టి ఎడమచెయ్యి నిలువునా చూస్తే దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. ఎ చుట్టూ చతురస్రం గీస్తే పై మూలలో టి చేతి కొన కూడా వచ్చేసింది. అతికించిన తర్వాత ఎ నెత్తిమీద చిన్న ముల్లులా నిలబడింది. ఆ మూల ముక్కను మాత్రం ఎంచుకుని తొలగించాను.

ఇంకో చిక్కు, పక్కపక్క అక్షరాలను పెట్టినప్పుడు ఒకదాని చుట్టూ ఉన్న ఖాళీ రెండోదాని అంచును కప్పేస్తోంది. ఓ కుడి చెక్కు టి కింద మాయమైంది. దీనికి లేయర్ మోడ్ Normal నుంచి Darken only కి మార్చడమే మందు. ఆ మోడ్‌లో రెండు లేయర్లలో ఏది ముదురైతే అదే కనిపిస్తుంది. ఖాళీ బూడిద రంగు కింద ఉన్న అక్షరాన్ని కప్పలేదు, అక్షరం మాత్రం ఖాళీని కప్పుతుంది. తెల్ల వరుస నుంచి బూడిద వరుసకు అక్షరం తేవాల్సి వస్తే కూడా ఇదే మోడ్ పనికొస్తుంది, తెలుపు కనిపించకుండా పోతుంది. అటునుంచి ఇటు మాత్రం కుదరదు. బూడిద వరుస అక్షరాన్ని తెల్ల వరుసకు తెస్తే దాని చుట్టూ బూడిద పెట్టె మిగులుతుంది. అప్పుడు ఆ లేయర్‌కు Levels తెరిచి, కుడివైపు తెల్ల మేకును 240 దాకా లాక్కొస్తే ఆ బూడిద తెల్లబడుతుంది.

బి దగ్గర మాత్రం రాజీ పడ్డాను. శనివారం వరుసలో కాళ్ల కింద ఆ పలుచటి బూడిద వరుస ఉంది, గురువారం వరుసలో లేదు. బిని ఒక పిక్సెల్ పైకి జరిపితే మిగతా అక్షరాల కంటే ఎత్తులో ఉంది, కిందికి దించితే కాలు బయటికొచ్చింది. తేడా పిక్సెల్‌లో మూడో వంతు ఉంటుందేమో. పిక్సెల్ ముక్కలంత జరపడం కుదరదు. తిప్పలుపడి జరిపినా జింప్ అక్షరాన్ని మళ్లీ లెక్కకట్టి ఇంకా మసక చేస్తుంది. కింది బూడిద వరుసను కాస్త తేలిక చేసి వదిలేశాను. అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీరు కూడా.

ఎర్ర మాట తీసేసి మామూలు సైజులో చూశాను. చూపు ఏ గడి దగ్గరా ఆగలేదు. కానీ నిన్న కూడా దగ్గరగా చూసినప్పుడు బాగుందనే అనుకున్నాను కదా. అందుకని గట్టి పరీక్ష పెట్టాను. బొమ్మ నకలు మీద Levels తెరిచి ఎడమవైపు నల్ల మేకును 232 దాకా లాగాను. అంటే లేత రంగుల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాలు కొండంతలవుతాయి. ప్రతి మాట చుట్టూ దుమ్ము మేఘంలా లేచింది. నా గడిలో రెండు చోట్ల మాత్రం నిటారు అంచులున్న మచ్చలు కనిపించాయి. నేను ఖాళీ ముక్కలు అతికించిన అంచులవి. అతుకులు పడ్డచోట ముక్క అంచులను మెత్తగా చేసి మళ్లీ అతికిస్తే పోయాయి. నిన్నటి ప్రయత్నాన్ని కూడా సరదాకి ఇదే పరీక్షకు పెట్టి చూశాను. దుమ్ము తుపానులో దీర్ఘచతురస్రాకారపు తెల్లటి కాగితం ముక్కలా మెరిసింది.

ఫైలు పీఎన్‌జీగా దాచాను. మళ్లీ జేపెగ్ చేస్తే అన్ని గడులూ ఇంకోసారి నలుగుతాయి. ఎలాగూ గ్రూపులో పెట్టగానే ఆ యాప్ తన పద్ధతిలో కుదిస్తుంది, ఆ నలగడంలో మిగిలిన చిన్న తేడాలు కూడా కలిసిపోయాయి. బి కాలు సంగతి ఫోన్‌లో చూస్తే నాకే కనపడలేదు.

పెట్టబోయేముందు మేడమ్‌కు చూపించాను. ఆమె గడి వంక చూడనే లేదు. పట్టిక కింద కుడి మూలన చూపించి "ఏ తేదీ నుంచి అమల్లోకొస్తుందో అక్కడ పాత తేదీయే ఉంది సార్, పిల్లలకి రెండిట్లో ఏది కొత్తదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. నిజమే. గుర్తుపట్టలేనంత బాగా మార్చాను కాబట్టే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. తేదీ మార్చాను. అంకెలన్నీ పైన టైమింగ్స్ వరుసలో దొరికాయి కానీ ఆ వరుస అంకెలు కొంచెం పెద్దవి. అందుకని పాత తేదీలోనే ఉన్న అంకెలను అటూ ఇటూ మార్చి పేర్చాను, అదృష్టంకొద్దీ సరిపోయాయి. దాని పక్కన "సవరించినది" అన్న మాట మాత్రం ఏ గడిలోనూ దొరకదు కదా. దాన్ని టైపు చేసి పెట్టాను. కొత్తగా కొట్టినట్టు స్పష్టంగా తెలుస్తోంది. తెలియాల్సింది కూడా అదే కాబట్టి దాన్ని అలాగే ఉంచేశాను.

గ్రూపులో పెట్టిన పది నిమిషాలకు ఫిజిక్స్ లెక్చరర్ ఫోన్ చేశారు. "గురువారం నాలుగోది తీసేశారు, బాగుంది. మరి నాకు బదులుగా ఇస్తామన్న శుక్రవారం రెండోది ఎక్కడ?"

ఆ మాట నాకెవరూ చెప్పలేదు. శుక్రవారం తెల్ల వరుస. PHYSICS ఆ వరుసలోనే మొదటి పీరియడ్‌లో ఉంది, మాటకు మాట మొత్తంగా కాపీ చేసి అడ్డంగా జరిపాను. ఏడు నిమిషాలు పట్టింది.